నెలసరి వస్తూనే ఉంది, పొట్ట మాత్రం పెరుగుతోంది: ముందు చేయాల్సిన పరీక్ష ఏది?

ప్రసూతి విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పొట్ట బరువుగా ఉందని, గ్యాస్ తగ్గడం లేదని, నెలసరి తక్కువగా అవుతోందని వచ్చినవారి ఫైలు తెరిస్తే థైరాయిడ్ పరీక్ష ఉంటుంది, రక్త పరీక్షలు ఉంటాయి, అరుగుదలకు రాసిన మందుల చీటీలు మూడు నాలుగు ఉంటాయి. గర్భ పరీక్ష ఉండదు. ఎందుకు చేయించుకోలేదని అడిగితే దాదాపు అందరిదీ ఒకే జవాబు: "నెల నెలా వస్తూనే ఉంది కదా డాక్టరుగారూ."

సమస్య: నెలసరి వస్తోంది కానీ మునుపటిలా లేదు

నెలసరి అంటే గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి రావడం. గర్భం నిలిచాక హెచ్‌సీజీ అనే హార్మోను అండాశయానికి కబురు పంపి, ప్రొజెస్టెరాన్ ఆగకుండా తయారయ్యేలా చూస్తుంది. ప్రొజెస్టెరాన్ ఉన్నంతకాలం ఆ పొర ఊడదు. కాబట్టి గర్భిణికి అసలైన నెలసరి రాదు. రక్తం మాత్రం కనిపించవచ్చు. మొదటి మూడు నెలల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత కనిపిస్తుంది. మావి అంచున కొద్దిగా రక్తం చేరి బయటికి రావచ్చు. గర్భసంచి ముఖద్వారం సున్నితంగా మారి అక్కడి నుంచి మరకలు పడవచ్చు. కొందరిలో ఏ కారణమూ దొరకదు.

అందరినీ మోసం చేసేది మొదటి మరక. అండం విడుదలైన పది, పన్నెండు రోజులకు, అంటే సరిగ్గా నెలసరి రావాల్సిన రోజులకు కాస్త ముందో, ఆ రోజుల్లోనో అది కనబడుతుంది. క్యాలెండరులో గుర్తు పెట్టేస్తారు. ఆ నెల లెక్క అక్కడితో ముగిసిపోతుంది.

తేడా ఎలా తెలుస్తుంది? మామూలు నెలసరి చిన్నగా మొదలై, మొదటి రెండు రోజుల్లో జోరందుకుని, తర్వాత తగ్గుతుంది. ఈ రక్తస్రావం మరకగా మొదలై మరకగానే ఆగిపోతుంది. ఒక రోజో రెండు రోజులో ఉంటుంది, రంగు గులాబీగానో గోధుమగానో ఉంటుంది, ప్యాడు నిండదు. ఇంతవరకూ గుర్తుపట్టడానికి పనికొచ్చేవే, కానీ వీటిని నమ్మి నిర్ణయానికి రాకండి. గర్భంతో ఉండి మూడు రోజులు ఎర్రగా అయినవారిని చూశాను. మీ నెలసరి ఎప్పుడూ ఉండేదానికంటే తక్కువగానో తక్కువ రోజులో అయితే, ఎంత చిన్న తేడా అయినా, మూత్ర పరీక్ష చేయండి.

ఒక కేసు, తేదీలతో సహా

మూడేళ్ల బిడ్డ తల్లి. నెలసరి ఒక్కోసారి 28 రోజులకు, ఒక్కోసారి 40 రోజులకు వచ్చేది. జనవరి 4న మామూలుగా అయింది. గర్భనిరోధక మాత్రలు కొన్ని మరచిపోయిన సంగతి గుర్తొచ్చి, జనవరి 28 సాయంత్రం, బాగా నీళ్లు తాగి ఉన్నప్పుడు పరీక్ష చేసుకుంది. ఒకటే గీత వచ్చింది. ఫిబ్రవరి 1న మరకలు కనిపించాయి, రెండు రోజుల్లో ఆగిపోయాయి. మార్చి 2న ఒకటిన్నర రోజు, మార్చి 29న ఒక రోజు మళ్లీ కనిపించాయి. ఆ తర్వాత రాలేదు. అప్పుడప్పుడూ ఆలస్యం కావడం అలవాటే కాబట్టి పట్టించుకోలేదు. జూన్ 7న గ్యాస్ అని వచ్చింది.

ఆమె చెప్పిన చివరి తేదీ నుంచి లెక్కిస్తే 10 వారాలు. కానీ గర్భసంచి పైభాగం బొడ్డు దగ్గర చేతికి తగిలింది. పదో వారంలో అది కటి ఎముకల మధ్యే ఉంటుంది. ఇరవై వారాలు దాటితేనే బొడ్డు దాకా వస్తుంది. స్కానింగులో 22 వారాలు తేలింది. జనవరి 4 నుంచి లెక్కించినా సరిగ్గా అంతే. మావి ముందువైపు ఉంది. బిడ్డకూ పొట్ట గోడకూ మధ్య అది మెత్తలా అడ్డుపడటంతో తన్నులు చప్పగా తగిలేవి. వాటినే ఆమె గ్యాస్ అనుకుంది.

జరిగిన పొరపాటు జనవరి 28న. అండం విడుదలై అప్పటికి పది రోజులే అయి ఉంటుంది. హెచ్‌సీజీ అప్పుడప్పుడే మొదలవుతోంది. ఇంట్లో వాడే పరీక్ష పట్టీల్లో చాలావాటికి మూత్రంలో మిల్లీలీటరుకు సుమారు 25 మిల్లీ యూనిట్లు ఉంటేనే రెండో గీత వస్తుంది. నీళ్లు ఎక్కువగా తాగితే ఆ కొద్దిపాటిదీ పలచబడుతుంది. తర్వాత మరకలు కనిపించాక, మళ్లీ చేసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

పరిష్కారం

ఉదయం లేచాక మొదటి మూత్రంతో చేయండి. ఒకటే గీత వస్తే ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత ఇంకోసారి చేయండి. హెచ్‌సీజీ తొలి వారాల్లో రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది, కాబట్టి వారంలో అది దాగలేదు. నెలసరి రావాల్సిన తేదీ గుర్తులేకపోతే, కలయిక జరిగిన 21 రోజుల తర్వాత చేసిన పరీక్షను నమ్మవచ్చు. మధ్యలో మరక కనిపించినా రెండో పరీక్ష మానేయకండి. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే.

పొట్ట ఇప్పటికే పెరిగి ఉంటే పట్టీతో ఆగకుండా స్కానింగుకు వెళ్లండి. హార్మోను మరీ ఎక్కువైనప్పుడు పట్టీ తప్పు చూపే సందర్భాలు చాలా అరుదు, కానీ స్కానింగు ఆ సందేహాన్ని వెంటనే తీరుస్తుంది.

రక్తంతోపాటు పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, భుజం కొనలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం గర్భసంచి బయట నిలిచి ఉండవచ్చు. ఇంట్లో పరీక్షలతో కాలం గడపకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: ఏ లక్షణమూ లేదు

వేవిళ్లు అందరికీ రావు. నెలసరి ఎప్పుడూ క్రమం తప్పేవారికి, బిడ్డకు పాలిస్తున్నవారికి, నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడ్డవారికి నెల తప్పడం హెచ్చరికగా అనిపించదు. బెర్లిన్‌లో జరిపి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, 20 వారాలు దాటేదాకా తెలియనివారు సుమారు 475 కాన్పులకు ఒకరు, నొప్పులొచ్చేదాకా తెలియనివారు దాదాపు 2,500 కాన్పులకు ఒకరు ఉన్నారు. వీరిని అమాయకులనో అబద్ధమాడుతున్నారనో అనడం నాకు బాధ కలిగిస్తుంది. మానసిక కారణాలతో గర్భాన్ని మనసు ఒప్పుకోనివారూ కొద్దిమంది ఉంటారు, వారికి వేరే సాయం కావాలి. గర్భసంచి వెనక్కి వంగి ఉండటం, పొట్ట కండరాలు బిగువుగా ఉండటం లాంటివి కొంత దాచవచ్చు, వాటి గురించి ఎక్కువగా ఆలోచించనక్కరలేదు.

ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు?

మొదట వారాలు తేల్చాలి. మరకలు కనిపించిన తేదీలన్నీ, వాటికి ముందు మామూలుగా అయిన చివరి నెలసరి తేదీతో సహా రాసి తీసుకెళ్లండి. మొదటి మూడు నెలల స్కానింగు వారం లోపు తేడాతో వయసు చెబుతుంది. 22 వారాలకు ఆ తేడా పది, పద్నాలుగు రోజులు కావచ్చు. 30 వారాలు దాటాక మూడు వారాల దాకా పోతుంది. మీరు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా వారాల లెక్కే ఆధారం.

ఈ మధ్య వాడిన మందులన్నీ చెప్పండి. మూర్ఛకో రక్తపోటుకో వాడుతున్న మందులను భయపడి మీ అంతట మీరు ఆపేయకండి, వాటిని డాక్టరు మార్చాలి. రక్తపోటు, హిమోగ్లోబిన్, చక్కెర చూపించుకోండి. రక్త వర్గం నెగెటివ్ అయితే రక్తస్రావం జరిగిందన్న సంగతి తప్పకుండా చెప్పండి, బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లి రక్తంలో యాంటీబాడీలు తయారుకాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుందో లేదో డాక్టరు చూస్తారు.

జూన్‌లో వచ్చిన ఆమె రక్త వర్గం నెగెటివే. ఆ మూడు మరకల తేదీలు ఆమె ఫోనులో నెలసరి పేరుతోనే ఉన్నాయి. వాటిని గర్భంలో రక్తస్రావంగా మళ్లీ రాయించి, ఆ రోజే యాంటీబాడీ పరీక్షకు రక్తం పంపాం.