విడిపోతున్న దంపతుల జాయింట్ ఖాతా, అప్పుల పంపకం: లోక్ అదాలత్‌లో దరఖాస్తు విధానం

భార్యాభర్తలు విడిపోవాలనుకున్నప్పుడు విడాకులు మంజూరు చేసేది కోర్టే. కానీ జాయింట్ ఖాతా, ఇద్దరూ సంతకం పెట్టిన లోన్, బాకీ ఉన్న బిల్లులు, పిల్లల ఫీజుల విషయం కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. దీన్ని ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు అంటారు. ఫీజు లేదు. చిత్తూరు వాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, తిరుపతి వాళ్లు తమ కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీలో ఇవ్వాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేసి అడగండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను కూడా ఇస్తారు.

దరఖాస్తు కంటే ముందు బ్యాంకుకు వెళ్లండి. జాయింట్ ఖాతాలు చాలావరకు ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా ఉంటాయి. రేపు ఒకరు మొత్తం తీసేసుకున్నా బ్యాంకు అడ్డుపడదు. అందుకే "ఇకపై ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు ఇవ్వండి" అని బ్రాంచిలో రాసిచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఏటీఎం, ఫోన్‌పే లాంటివి కూడా ఆపమని అందులోనే రాయండి, లేదంటే డబ్బు ఆ దారిన పోతుంది. లోన్ కంతు ఆ ఖాతా నుంచే కట్ అవుతుంటే దాన్ని మాత్రం ఆపవద్దని స్పష్టంగా రాయాలి.

దరఖాస్తు తెల్ల కాగితం మీద రాస్తే చాలు. మీ వివరాలు, ఎదుటివారి చిరునామా, ఫోన్ నంబరు, విడిగా ఉంటున్న తేదీ, పంచుకోవాల్సినవి రాయండి. ఆధార్, ఖాతా స్టేట్‌మెంటు, లోన్ మంజూరు పత్రం, ఇంకా ఎంత బాకీ ఉందో బ్యాంకు ఇచ్చిన లెటర్, పొదుపు సంఘం పాస్‌బుక్, ఫీజు రసీదుల జిరాక్సులు జతచేయండి. పుట్టింటి నగలు, పెళ్లిలో భార్యకు పెట్టినవి స్త్రీధనం, అంటే ఆమె సొంత ఆస్తి. వాటిని పంపకం లెక్కలో కలపవద్దు.

చాలామంది పొరపాటు చేసేది ఎదుటి పార్టీల దగ్గరే. భర్త పేరో భార్య పేరో ఒక్కటే రాసి, లోన్ ఇచ్చిన బ్యాంకును వదిలేస్తారు. కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ కలిసి తీసుకున్న అప్పును ఎవరి దగ్గరైనా పూర్తిగా వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. "లోన్ ఆయనే కట్టుకుంటాడు" అని మీరిద్దరూ రాసుకున్న మాట బ్యాంకును కట్టదు. ఆయన మానేస్తే నోటీసు ఆమెకూ వస్తుంది, సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడుతుంది. కాబట్టి బ్యాంకు బ్రాంచిని కూడా ప్రతివాదిగా చేర్చండి.

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త జీతం 36,000, భార్య జీతం 24,000. విడిపోయిన రోజు ఖాతాలో 1,80,000 ఉంది. ఆ తర్వాత భర్త కొత్త ఇంటి అడ్వాన్సుకని 50,000 తీశాడు. ఇప్పుడు మిగిలింది 1,30,000. పంచాల్సింది మాత్రం విడిపోయిన నాటి మొత్తాన్ని. అంటే ఇద్దరికీ చెరి 90,000. ఆయనకు ఇంకా రావాల్సింది 40,000.

ఆమె పేరున పొదుపు సంఘం లోన్ 60,000 మిగిలి ఉంది. ఆ డబ్బు ఫ్రిజ్‌కు, పిల్లాడి ఫీజుకు ఖర్చయింది కాబట్టి అది ఇంటి అప్పే. అయినా సంఘం అడిగేది ఆమెనే. జీతాల ప్రకారం 3:2గా పంచితే ఆయన వాటా 36,000. దీన్ని తర్వాత ఇస్తాననే మాట మీద వదలకుండా ఆయనకు రావాల్సిన 40,000లోనే మినహాయించాలి. అప్పుడు ఆయనకు 4,000, ఆమెకు 1,26,000 వస్తాయి. సంఘం అప్పు మొత్తం ఆమె తీర్చేస్తుంది.

జాయింట్ లోన్ కంతు 12,500. అదే లెక్కన ఆయనది 7,500, ఆమెది 5,000. ఏడాది స్కూలు ఫీజు 40,000లో ఆయన 24,000, ఆమె 16,000. విడిపోయాక ఎవరుండే ఇంటి అద్దె, కరెంటు బిల్లు వారివే.

దరఖాస్తు అందాక ఎదుటివారికి, బ్యాంకుకు నోటీసు వెళ్తుంది, కూర్చోబెట్టి మాట్లాడతారు. లోన్ ఒక్కరి పేరుకు మార్చమని అడగవచ్చు, కానీ ఆ ఒక్కరి జీతం సరిపోతుందనుకుంటేనే బ్యాంకు ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే ఒప్పందంలో ఈ వాక్యం తప్పక రాయించండి: "ప్రతి నెలా 3వ తేదీలోగా ఎవరి వాటా వారు లోన్ ఖాతాలో వేయాలి. ఒకరు వేయకపోతే రెండోవారు కట్టి, ఆ మొత్తాన్ని వారి నుంచి వసూలు చేసుకోవచ్చు."

ఇద్దరూ సంతకం చేశాక లోక్ అదాలత్ ఇచ్చే తీర్పును అవార్డు అంటారు, దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. ఎవరైనా తప్పితే అమలు కోసం కోర్టులో ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయవచ్చు. దీనిపై అప్పీలు లేదు. అందుకే అంకెలతో సహా తెలుగులో చదివి వినిపించమని అడగండి, అర్థం కాని చోట సంతకం ఆపండి. రాజీ కుదరకపోతే ఫైలు మూసేస్తారు, కోర్టుకు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది.