పోస్టు బాగానే ఉంది, సెర్చ్‌లో మాత్రం కనపడట్లేదా?

కారుతున్న కుళాయికి వాషర్ ఎలా మార్చాలో చూపించే రీల్ ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారనుకోండి. వీడియో స్పష్టంగా ఉంది, ఫాలోవర్లు లైక్ కొట్టారు, కానీ కొత్తవాళ్లు ఒక్కరూ రావట్లేదు. కింద క్యాప్షన్ ఇలా ఉంది:

```
ఎట్టకేలకు సాధించా! పది నిమిషాల పని.
#viral #trending #reels #కుళాయి లీక్
```

ముందుగా ఒక చిన్న పరీక్ష. మీ అకౌంట్‌లో కాకుండా, మిమ్మల్ని ఫాలో అవ్వని ఇంకొకరి ఫోన్‌లో వెతికించండి. సెర్చ్ ఫలితాలు వెతికేవాళ్లను బట్టి మారతాయి, కాబట్టి మీ ఫోన్‌లో మీ పోస్టు పైన కనపడినా నమ్మడానికి లేదు. అకౌంట్ ప్రైవేట్‌లో ఉంటే ఇక మిగతావి చూడక్కర్లేదు, బయటివాళ్లకు అసలు రాదు.

సమస్య: విషయం పేరు కొట్టి వెతికినా పోస్టు రావట్లేదు

కారణం క్యాప్షన్‌లోనే ఉంది. "ఎట్టకేలకు సాధించా" అని ఎవరూ వెతకరు. సెర్చ్ మొదట చూసేది కొట్టిన మాట ఎక్కడైనా రాసి ఉందా అని: యూజర్ పేరు, బయో, క్యాప్షన్, హ్యాష్‌ట్యాగ్, లొకేషన్. వాషర్ అన్న మాట వీడియోలో మీరు పదిసార్లు పలికి ఉండొచ్చు, థంబ్‌నెయిల్ మీద పెద్ద అక్షరాల్లో వేసి ఉండొచ్చు, కానీ క్యాప్షన్‌లో లేకపోతే దాన్ని సెర్చ్ పట్టుకుంటుందన్న భరోసా లేదు.

పరిష్కారం: వెతికేవాళ్ల మాటలు తెలుసుకోండి. సెర్చ్ పెట్టెలో "కుళాయి" అని కొట్టి ఆగితే కింద సూచనలు వస్తాయి, అవి ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత "నల్లా", "ట్యాప్" అని కూడా కొట్టి చూడండి, ఎందుకంటే ఒకే వస్తువుకు మనలో రకరకాల పేర్లున్నాయి, పైగా చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే `tap leak ela aapali` అని కొడతారు. ఇవన్నీ వాక్యాల్లో కలిసిపోయేలా రాయండి:

```
కుళాయి కట్టేసినా నీళ్లు కారుతున్నాయా? చాలాసార్లు లోపలి
వాషర్ అరిగిపోవడమే కారణం. నల్లా విప్పి వాషర్ ఎలా
మార్చాలో ఇందులో చూపించాను. (tap leak repair telugu)
#కుళాయి_లీక్ #వాషర్ #tapleak
```

మొదటి వాక్యంలోనే విషయం రావాలి, ఎందుకంటే ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ముక్క మాత్రమే కనపడుతుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అలాగని కీవర్డులను కామాలు పెట్టి పది వరసలు పేర్చకండి, అది చదివేవాళ్లకు చిరాకు.

సమస్య: హ్యాష్‌ట్యాగ్ పెట్టాను, ఆ ట్యాగ్ నొక్కితే నా పోస్టు లేదు

పాత క్యాప్షన్‌లో `#కుళాయి లీక్` చూడండి. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి ట్యాగ్ "కుళాయి" దగ్గరే ఆగిపోయింది, "లీక్" మామూలు మాటగా మిగిలింది. హైఫన్ పెట్టినా ఇలాగే తెగుతుంది, అండర్‌స్కోర్ పెడితే తెగదు. పోస్టు చేశాక ట్యాగ్ రంగు ఎక్కడిదాకా మారిందో చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో కారణం, ట్యాగులు కామెంట్‌లో పెట్టడం. క్యాప్షన్ నీట్‌గా ఉంటుందని చాలామంది ఇలా చేస్తారు, నాకు ఆ ఆలోచన అర్థమవుతుంది, కానీ సెర్చ్‌లో దొరకాలంటే కీవర్డులూ ట్యాగులూ క్యాప్షన్‌లోనే ఉండాలని 2021లో ఇన్‌స్టాగ్రామ్ స్వయంగా చెప్పింది. పోస్టును ఎడిట్ చేసి పైకి మార్చేయండి.

సమస్య: ట్యాగులు సరిగానే ఉన్నాయి, అయినా లాభం లేదు

`#viral`, `#reels` లాంటివి తీసేయండి. వాటిలో ప్రతి విషయం మీదా లెక్కలేనన్ని పోస్టులు పడుతుంటాయి, అక్కడ కుళాయి కోసం చూసేవాళ్లు ఉండరు. మీ విషయాన్ని సూటిగా చెప్పే మూడు నాలుగు ట్యాగులు చాలు. యూట్యూబ్‌లో అయితే ఒక వీడియోకు 60 హ్యాష్‌ట్యాగులు దాటితే ఒక్కటి కూడా లెక్కలోకి రాదు.

ఇవన్నీ సరిచేసినా పోస్టు కిందెక్కడో ఉండొచ్చు. మాట కలిసే పోస్టులు చాలా ఉన్నప్పుడు ఏది పైన రావాలో లైకులు, షేర్లు, ఫాలోలు లాంటివి కూడా చూసి నిర్ణయిస్తారు, క్యాప్షన్ ఒక్కటే ఆ పని చేయలేదు. అందుకే క్యాప్షన్ రోజూ మార్చకండి. ఒకసారి మార్చి వారం ఆగండి, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో మీకే తెలియదు.

అదే వీడియో యూట్యూబ్‌లో కూడా పెడితే ఒక మంచి వీలుంది. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి, ట్రాఫిక్ సోర్సుల్లో `YouTube search` తెరిస్తే, జనం ఏ మాటలు కొట్టి మీ వీడియోకు వచ్చారో కనపడుతుంది. అక్కడ "నల్లా నీళ్లు ఆగట్లేదు" అని ఉండి, ఆ మాట మీ క్యాప్షన్‌లో ఎక్కడా లేకపోతే, తర్వాతి పోస్టు మొదటి వాక్యం దానితోనే మొదలుపెట్టండి.