విద్యుదావేశ కణాల కదలిక – 5వ పాఠం: ముందు వేగం, ఆ తర్వాతే ద్రవ్యరాశి

గత పాఠంలో అయస్కాంత క్షేత్రానికి లంబంగా దూరిన అయాన్ వృత్తంలో తిరుగుతుందని, ఆ వృత్త వ్యాసార్థం r = mv/qB అని రాబట్టాం. ఆ సూత్రం చూడగానే ఒక ఆశ పుడుతుంది: r కొలిస్తే m తెలిసిపోతుంది కదా! తెలియదు. మధ్యలో v అడ్డొస్తుంది. బరువైన అయాన్ నెమ్మదిగా వచ్చినా, తేలికైనది జోరుగా వచ్చినా ఒకే వృత్తం గీయగలవు. అందుకే అయాన్లను వృత్తంలో తిప్పే ముందు వాటన్నిటినీ ఒకే వేగానికి వడకట్టాలి. 1933లో కెన్నెత్ బైన్‌బ్రిడ్జ్ తన మాస్ స్పెక్ట్రోమీటర్‌ను ఈ పద్ధతిలోనే కట్టాడు. ఇవాళ అలాంటి పరికరాన్ని కాగితం మీద మనమే కట్టి, దానిలోకి నియాన్ వాయువు పంపుదాం.

నోట్‌బుక్కులో బొమ్మ గీయండి. రెండు అడ్డ పలకలు, ఒకటి పైన, ఒకటి కింద. మధ్య ఎడం 5 మి.మీ., పొడవు 10 సెం.మీ. పై పలకకు ధన ధ్రువం, కింది పలకకు ఋణ ధ్రువం తగిలించి 100 వోల్టులు ఇవ్వండి. విద్యుత్ క్షేత్రం E = 100/0.005, అంటే 20,000 V/m. దిశ కిందికి. అదే ఖాళీలో కాగితం లోపలికి పోయే దిశలో 0.2 టెస్లా అయస్కాంత క్షేత్రం ఉందనుకోండి. ఎడమ నుంచి కుడికి వచ్చే ధన అయాన్‌ను విద్యుత్ బలం qE కిందికి లాగుతుంది, అయస్కాంత బలం qvB పైకి నెడుతుంది. ఈ రెండూ సరిసమానమైన అయాన్ మాత్రమే వంకర పోకుండా నేరుగా వెళ్లి, అవతల ఉన్న సన్నని చీలికలోంచి బయటపడుతుంది.

qE = qvB అని రాస్తే q కొట్టుకుపోతుంది. m అసలు రానే లేదు. మిగిలేది v = E/B. మన లెక్కలో 20,000/0.2 = 1,00,000 m/s. అంతకన్నా జోరుగా వచ్చింది పై పలకకేసి వంగుతుంది, నెమ్మదిగా వచ్చింది కిందికి జారుతుంది. ఆవేశం ఎంతో, ద్రవ్యరాశి ఎంతో ఈ వెలాసిటీ సెలెక్టర్‌కు పట్టదు. వేగమొక్కటే చూస్తుంది.

చీలిక దాటాక విద్యుత్ క్షేత్రం ఉండదు. అక్కడ 0.2 టెస్లా అయస్కాంత క్షేత్రం ఒక్కటే. అయాన్ అర్ధవృత్తం తిరిగి, చీలిక ఉన్న గోడ వరసలోనే అమర్చిన ఫొటోగ్రాఫిక్ పలకను తాకుతుంది. చీలిక నుంచి ఆ గీత దూరం వ్యాసం, అంటే 2r. నియాన్-20 ద్రవ్యరాశి 20 × 1.66 × 10⁻²⁷ = 3.32 × 10⁻²⁶ కిలోలు. ఒక ఎలక్ట్రాన్ పోయిన అయాన్ కాబట్టి q = 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. సూత్రంలో పెడితే r = 10.4 సెం.మీ., గీత 20.75 సెం.మీ. దగ్గర పడుతుంది. నియాన్-22కు ఇదే లెక్క చేస్తే 22.83 సెం.మీ. రెండు గీతల మధ్య రెండు సెంటీమీటర్లకు పైగా ఎడం. స్కేలుతో కొలవొచ్చు.

పుస్తకాల్లో లెక్క ఇక్కడితో ఆగుతుంది. కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది, నాకైతే అది చాలా ఏళ్లు తట్టలేదు. నియాన్-20 అయాన్‌కు లక్ష m/s వేగం రావాలంటే ఎన్ని వోల్టులు కావాలి? ½mv² = qV నుంచి 1037 వోల్టులు. నియాన్-22కో? 1141. ఇప్పుడు అన్ని అయాన్లనూ కచ్చితంగా 1037 వోల్టులతోనే తోశామనుకోండి. నియాన్-22 వేగం దాదాపు 95,300 m/s దగ్గరే ఆగుతుంది, సెలెక్టర్ దాన్ని దాటనివ్వదు. పలక మీద ఒక్కటే గీత! నియాన్‌లో 22 లేదేమో అని మీరు పొరబడతారు. బైన్‌బ్రిడ్జ్ పరికరం లాంటివి పని చేయాలంటే అయాన్లు రకరకాల శక్తులతో రావాలి. విద్యుదుత్సర్గ నాళంలో అయాన్లు ఒక్కొక్కటీ ఒక్కోచోట పుడతాయి కాబట్టి ఒక్కోటి ఒక్కో వోల్టేజీ మేర పరుగెత్తి వస్తుంది, ఆ గందరగోళమే మనకు పనికొస్తుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది: 1037 దగ్గర ఎన్ని అయాన్లు వస్తాయో 1141 దగ్గర అన్నే రావాలని లేదు. గీత ఎక్కడ పడిందన్నది నమ్మండి. ఎంత నల్లగా పడిందన్నదాన్ని బట్టి సహజ నియాన్‌లో 20 పాలు 90.5 శాతం, 22 పాలు 9.3 శాతం అని తేల్చబోతే తప్పులో కాలేస్తారు.

సెలెక్టర్ కూడా మరీ నిక్కచ్చిగా ఉండదు. వేగం ఒక శాతం ఎక్కువున్న నియాన్-20 అయాన్‌ను పట్టుకుని చూద్దాం. దాని మీద మిగిలే బలం qE లో నూరో వంతు. ఆ బలంతో వచ్చే త్వరణం 9.6 × 10⁸ m/s². భారీగా కనిపిస్తుంది గానీ, 10 సెం.మీ. దాటడానికి దానికి పట్టేది మైక్రోసెకను. ½at² వేస్తే అది పక్కకు జరిగింది అర మిల్లీమీటరు. చీలిక వెడల్పు 1 మి.మీ. ఉంటే, అది అంచును రాసుకుంటూ బయటపడుతుంది. అంటే మన సెలెక్టర్ ఒక శాతం అటూ ఇటూ వదిలేస్తోంది, పలక మీద నియాన్ గీత అటు 2, ఇటు 2 మి.మీ. అలుక్కుంటుంది. నియాన్‌కు ఫరవాలేదు. ద్రవ్యరాశి 100, 101 ఉన్న అయాన్ల మధ్య తేడాయే ఒక శాతం కాబట్టి అక్కడ రెండు గీతలూ కలిసిపోతాయి. పైగా బరువైన అయాన్ సెలెక్టర్‌లో తక్కువ పక్కకు జరుగుతుంది, అలుకు ఇంకా పెరుగుతుంది. చీలికను సన్నం చేయొచ్చు, కానీ అవతలికి వచ్చే అయాన్లు తగ్గిపోయి గీత వెలిసిపోతుంది.

ఇక దొంగ గీతల సంగతి. r సూత్రంలో m విడిగా లేదు, m/q ఉంది. గొట్టంలో కాస్త గాలి మిగిలితే దానితో ఆర్గాన్-40 ఉంటుంది. అది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే 40/2 = 20, సరిగ్గా నియాన్-20 గీత మీదే కూర్చుంటుంది. కార్బన్ డయాక్సైడ్ 44. దానికీ రెండు ఎలక్ట్రాన్లు పోతే 22. అంటే మన రెండు గీతలకూ ఒక్కో నకిలీ ఉంది. పట్టుకునే దారి: 40, 44 స్థానాల్లో, అంటే 41.5, 45.65 సెం.మీ. దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ పోయిన అయాన్ల గీతలున్నాయేమో చూడండి. ఉంటే నియాన్ గీతల్లో కొంత వాటిదని అనుమానించాలి. ఎలక్ట్రాన్ పుంజంతో అయాన్లను పుట్టించే పరికరమైతే ఇంకో ఉపాయం ఉంది. నియాన్‌కు ఒక ఎలక్ట్రాన్ తీయడానికి 21.6 eV చాలు, ఆర్గాన్‌కు రెండు తీయాలంటే 15.8 + 27.6 = 43.4 eV కావాలి. పుంజం శక్తిని 35 eVకి దించితే ఆర్గాన్ నకిలీ మాయమవుతుంది, నియాన్ నిలుస్తుంది.

ఇంటిపని: ఇదే పరికరంలోకి హైడ్రోజన్ క్లోరైడ్ పంపితే 36.3, 37.35, 38.4, 39.4 సెం.మీ. దగ్గర నాలుగు గీతలు పడ్డాయి. ఒక్క ప్రమాణం ద్రవ్యరాశికి గీత ఎన్ని సెం.మీ. జరుగుతుందో ముందు రాబట్టి, నాలుగింటికీ యజమానులెవరో తేల్చండి. క్లోరిన్‌కు సహజంగా ఉన్న స్థిర ఐసోటోపులు రెండే. జవాబు ఆరో పాఠం మొదట్లో.