సోయా పాల కాఫీ విరగకుండా ఉండాలంటే

పాలు పడనివాళ్ల కోసం కావలిలోనో ఒంగోలులోనో సోయా పాల ప్యాకెట్ కొంటే, వాటిని పొగలు కక్కే డికాషన్‌లో ఒక్కసారిగా పోయకండి. డికాషన్‌లోని పులుపుకి వేడి తోడై సోయా ప్రొటీన్ పలుకులుగా విరిగి పైకి తేలుతుంది. మన ఇళ్లలో తీసే చిక్కటి డికాషన్‌తో ఈ బాధ మరీ ఎక్కువ. ముందు సోయా పాలను మరగనివ్వకుండా వేడిచేసి గ్లాసులో పోయండి. రెండు నిమిషాలు ఆరిన డికాషన్‌ను అందులోకి సన్నగా వంచుతూ కలపండి.

ప్రొటీన్‌లో సోయా పాలు ఆవు పాలకు దగ్గర, 100 మి.లీ.కి దాదాపు 3 గ్రాములు. ప్యాకెట్ బాదం పాలలో చాలావరకు ఒక గ్రాము కూడా ఉండదు, పేరు గొప్పే. ఆవు పాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. సోయా పాలలో విడిగా కలిపితేనే అంత వస్తుంది, లేబుల్ చూడండి. అలా కలిపింది అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్యాకెట్ బాగా ఊపాకే పోయండి.