ఫొటోలో ఆవిరి, పొగ, మంట – మూడవ పాఠం: ఇరానీ చాయ్ మీద ఆవిరి

మొదటి రెండు పాఠాలలో లేయర్లను ఒకదానిపై ఒకటి పేర్చడం, మాస్కు మీద నలుపు తెలుపు కుంచెలతో పనిచేయడం చూశాము. ఈ పాఠంలో ఆ రెండింటినీ ఒకే బొమ్మ మీద ఉపయోగిస్తాము. ఆ బొమ్మ హైదరాబాదులోని ఒక ఇరానీ హోటలులో నేను ఉదయం పది గంటల వేళ తీసినది. పాలరాతి బల్ల మీద తెల్లటి కప్పు, సాసరు, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు ఉన్నాయి. కప్పు వెనుక ఎడమవైపు ముదురు గోధుమరంగు చెక్క గోడ, కుడివైపు వెలుతురు నిండిన కిటికీ ఉన్నాయి. బిస్కెట్లు సర్ది కెమెరా సిద్ధం చేసుకునే లోపల చాయ్ చల్లారింది, బొమ్మలో ఆవిరి పడలేదు. ఆ ఆవిరిని విడిగా ఫొటో తీసి, స్క్రీన్ బ్లెండ్ మోడ్‌తో ఈ కప్పు మీదికి తీసుకురావడమే నేటి పని.

ముందుగా ఆవిరిని ఫొటో తీయాలి. స్క్రీన్ మోడ్ నలుపును పూర్తిగా వదిలివేసి వెలుగును మాత్రమే కలుపుకుంటుంది కనుక, ఆవిరి వెనుక వీలైనంత చిక్కటి నలుపు ఉండాలి. నల్ల కాగితం వెలుతురు తగలగానే బూడిదరంగుకు తిరుగుతుంది. నల్ల మఖ్మల్ గుడ్డ వెలుతురును మింగేస్తుంది కాబట్టి అదే మేలు. సుల్తాన్ బజారులోని బట్టల దుకాణాలలో రెండు మీటర్ల ముక్క కొనుక్కుంటే చాలు. ఆ గుడ్డను కప్పుకు కనీసం మీటరున్నర వెనుక వేలాడదీయండి. దగ్గరగా కట్టితే ఆవిరి మీద వేసిన దీపమే గుడ్డ మీద కూడా పడుతుంది.

దీపం కెమెరా వైపు నుంచి పడకూడదు. ఆవిరి అంటే గాలిలో తేలే సన్నటి నీటి బిందువులు. అవి తమ మీద పడిన వెలుతురులో ఎక్కువ భాగాన్ని అది సాగుతున్న దిశలోనే ముందుకు చెదరగొడతాయి. అందువలన దీపం కప్పుకు వెనుకగా, ఒక పక్కగా, కెమెరా చట్రానికి బయట ఉంటే ఆవిరి తెల్లగా మెరుస్తుంది. కెమెరా పక్కనే దీపం పెట్టితే అదే ఆవిరి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. మన బొమ్మలో కిటికీ కుడివైపు వెనుక ఉంది కాబట్టి దీపాన్ని కూడా కుడివైపు వెనుకే పెట్టాలి. కరెంటు బల్బులలో కొన్ని మన కంటికి తెలియకుండా మిణుకుతాయి, వేగంగా తీసిన ఫొటోలలో కొన్ని చీకటిగా వస్తాయి. నేను సాధారణంగా బ్యాటరీ టార్చినే వాడుతాను. షట్టరు వేగం సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టండి. 60వ వంతుకు దిగితే ఆవిరి పాయలు కలిసిపోయి పొగమంచులా మారుతాయి. ఫోకస్‌ను కప్పు అంచు మీద చేతితో నిలిపి ఉంచాలి, లేకపోతే కెమెరా నల్లగుడ్డలో దేనినో వెతుకుతూ ఉండిపోతుంది.

కప్పులో చాయ్ అవసరం లేదు, మరుగుతున్న నీళ్లు చాలు. అయితే కప్పు మాత్రం అసలు బొమ్మలోని కప్పు అంత వెడల్పుగా, కెమెరా అదే ఎత్తులో ఉంటే తరువాత సగం శ్రమ తప్పుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాలలో గాలి చల్లగా ఉంటుంది కనుక ఆవిరి బాగా కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నపు పొడి వేడిలో బిందువులు ఏర్పడీ ఏర్పడకముందే ఇగిరిపోతాయి. ఆ రోజుల్లో ఏసీ గదిలో తీయాలి, ఫ్యాను ఆపాలి. నీళ్లు పోసిన మొదటి రెండు నిమిషాలలోనే నలభై యాభై ఫొటోలు తీసుకోండి, వాటిలో రెండో మూడో పనికివస్తాయి.

ఈ దశలో చాలామంది అగరుబత్తి పొగతో పని కానిస్తారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఆ ఫొటోను, ఎన్నో ఏళ్లుగా చాయ్ హోటలులో గల్లా దగ్గర కూర్చునే మా బాబాయికి చూపిస్తే, ఆయన ఒక్క క్షణం చూసి, “ఇది చాయ్ మీది ఆవిరి కాదురా, దేవుడి ముందు పొగ” అన్నాడు. ఆయన కంటికి తెలిసిన తేడా ఏమిటో నాకు తరువాత అర్థమైంది. అగరుబత్తి పొగ ఒక్క చుక్క నుంచి పుడుతుంది, దారంలా నిటారుగా కొంత దూరం లేచి, ఆ తరువాత మెలికలు తిరుగుతుంది. చాయ్ ఆవిరి కప్పు మొత్తం వెడల్పు నుంచి లేస్తుంది, మొదటి నుంచే చిరిగిన పలుచని గుడ్డలా ఉంటుంది, జానెడు ఎత్తు పోయేలోపే దాని బిందువులు మళ్లీ గాలిలో కలిసి మాయమవుతాయి. పొగలోని కణాలు అలా ఇగరవు కనుక పొగ చాలా పైదాకా కనిపిస్తుంది. అగరుబత్తి పొగ కాస్త నీలంగా కూడా ఉంటుంది. రంగును సరిచేయవచ్చు కాని ఆకారాన్ని సరిచేయలేము.

ఇక స్క్రీన్ మోడ్ ఏమి చేస్తుందో చూద్దాము. నలుపు విలువ 0, తెలుపు విలువ 255 అయిన కొలతలో, కింది లేయరు విలువ A, పై లేయరు విలువ B అనుకుంటే, ప్రతి పిక్సెల్ దగ్గర జరిగే లెక్క ఇది.

```
C = 255 − (255 − A) × (255 − B) / 255
```

మాటల్లో చెప్పాలంటే, కింది బొమ్మ పూర్తి తెలుపుకు ఎంత దూరంలో ఉందో, ఆ మిగిలిన దూరంలో కొంత వంతును పై లేయరు నింపుతుంది. చెక్క గోడ విలువ 40, ఆవిరి విలువ 100 అయితే ఫలితం 124 వస్తుంది. అంటే 84 మెట్ల తేడా, ఆవిరి స్పష్టంగా కనిపిస్తుంది. అదే ఆవిరి 220 విలువ ఉన్న కిటికీ మీద పడితే ఫలితం 234 మాత్రమే, 14 మెట్ల తేడా కంటికి దాదాపు ఆనదు. ఆవిరి విలువ సున్నా అయిన చోట, అంటే నల్లగుడ్డ దగ్గర, కింది బొమ్మ మారదు.

గుడ్డ నిజంగా సున్నా అయితేనే ఆ చివరి వాక్యం వర్తిస్తుంది. ఫొటోలో మఖ్మల్ సాధారణంగా సున్నాకు కొంచెం పైనే ఉంటుంది. అది 12 అనుకుందాము. అప్పుడు గోడ మీద 40 కాస్తా 50 అవుతుంది, ఆవిరి ఫొటో చట్రం మొత్తం ఒక పలుచని దీర్ఘచతురస్రంగా గోడ మీద అతుక్కున్నట్టు కనిపిస్తుంది. ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే లోపం ఇదే. వెలుతురు గదిలో, చిన్న తెర మీద అది తెలియకపోవచ్చు. తెలుసుకోవడానికి అన్నిటికంటే పైన తాత్కాలికంగా ఒక Levels లేయరు పెట్టి, తెలుపు త్రిభుజాన్ని 80 దాకా ఎడమకు లాగండి. బొమ్మ విపరీతంగా వెలిగిపోతుంది, చట్రం అంచులు ఉంటే అప్పుడు బయటపడతాయి. చూసిన తరువాత ఆ లేయరును తీసివేయండి.

సరిచేసే పద్ధతి ఇలా ఉంటుంది. ఫొటోషాపులో ఆవిరి ఫొటోను బొమ్మ మీదికి తెచ్చి, లేయర్ల పలకలో Normal అని ఉన్నచోట Screen ఎంచుకోండి. జింప్‌లో కూడా లేయరు మోడ్‌ల జాబితాలో ఇదే పేరు ఉంటుంది. ఫొటోషాపులో దానిపై ఒక Levels లేయరు పెట్టి, ఆవిరికి మాత్రమే వర్తించేలా Alt+Ctrl+G తో అతికించండి. నలుపు త్రిభుజాన్ని మెల్లగా కుడికి జరపండి. గుడ్డ విలువ 12 అయితే 14 లేదా 15 దగ్గర ఆగవచ్చు. ఇక్కడ తొందరపడి 40 దాకా లాగితే గుడ్డతో పాటు ఆవిరి కొసలు కూడా పోతాయి, పాయలు కత్తెరతో కత్తిరించినట్టు ముగుస్తాయి. ఆవిరి అందమంతా ఆ కొసలు కరిగిపోయే తీరులోనే ఉంది కాబట్టి వాటిని కాపాడుకోవాలి. గుడ్డ ఒక మూల ఎక్కువ వెలిగి ఉంటే Levels తో పోరాడకుండా, ఆవిరి లేయరుకు మాస్కు పెట్టి, ఆ మూలను పెద్ద మెత్తని నల్ల కుంచెతో తుడిచివేయడమే సరైన మార్గం.

తరువాత ఆవిరిని కప్పు మీద కూర్చోబెట్టాలి. ఆవిరి పుట్టేది కప్పు అంచు నుంచి కాదు, లోపలి చాయ్ ఉపరితలం నుంచి. మన ఫొటోలో కెమెరా కిందగా ఉంది కనుక చాయ్ కనిపించదు, కప్పు ముందరి అంచు దానిని కప్పివేస్తుంది. కాబట్టి ఆవిరి అడుగు భాగాన్ని అంచుకు కొంచెం కిందిదాకా జరిపి, ముందరి అంచు వంపు వెంబడి మాస్కును స్పష్టంగా నలుపు చేయాలి. అలా చేస్తే ఆవిరి అంచు వెనుక నుంచి లేస్తుంది. ఈ ఒక్క గీత లేకపోతే, మిగతావన్నీ సరిగా ఉన్నా ఆవిరి కప్పు ముందు గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది. ఎత్తు విషయంలో, కప్పు ఎత్తుకు రెండు రెట్ల దగ్గర ఆవిరి పూర్తిగా కరిగిపోయేలా మాస్కుపై మెత్తని కుంచెతో పలుచబరచండి.

రంగు పని చిన్నదే. Ctrl+Shift+U తో ఆవిరి ఫొటోలోని సొంత రంగును తీసివేయండి. అయితే ఆవిరిని స్మార్ట్ ఆబ్జెక్టుగా తెచ్చుకుని ఉంటే ముందు దానిని మామూలు లేయరుగా మార్చుకోవాలి. ఆ తరువాత ఒక Solid Color లేయరును ఆవిరికి అతికించి, దాని మోడ్‌ను Multiply చేసి, అసలు బొమ్మలో కిటికీ వెలుతురు పడిన పాలరాయి మీది నుంచి రంగును తీసుకోండి. గుణించినప్పుడు నలుపు నలుపుగానే ఉంటుంది కాబట్టి వెనుక గుడ్డ మళ్లీ వెలగదు.

ఇప్పుడు కిటికీ వైపు చూస్తే అక్కడ ఆవిరి కనిపించకపోవడం విద్యార్థులను కలవరపెడుతుంది. వెంటనే లేయరును నకలు తీసి రెండింతలు చేస్తారు. దానితో కిటికీ దగ్గర మార్పు పెద్దగా రాదు, గోడ దగ్గర మాత్రం ఆవిరి దూదిపింజలా తెల్లగా ముద్దకడుతుంది. నిజమైన ఆవిరి కూడా వెలుగుతున్న కిటికీ ముందు సరిగా కనిపించదు, కనుక ఆ భాగాన్ని అలాగే వదిలివేయడమే న్యాయం. కావాలంటే ఆవిరిని అడ్డంగా తిప్పకుండా, కొద్దిగా ఎడమకు వంచి, ఎక్కువ పాయలు చెక్క గోడ ముందు పడేలా చూడండి. అడ్డంగా తిప్పితే వెలుతురు పడిన పక్క మారిపోతుంది.

చిక్కటి పొగ విషయంలో మాత్రం ఈ మాట చెల్లదు. రంజాను మాసంలో హలీం భట్టీ నుంచి లేచే కట్టెల పొగ తెల్లటి ఆకాశం ముందు ఆకాశం కంటే ముదురుగా, బూడిదరంగులో కనిపిస్తుంది. స్క్రీన్ మోడ్ ఏ పిక్సెల్‌నూ ముదురు చేయలేదు కాబట్టి అక్కడ అది పనికిరాదు. అప్పుడు బూడిదరంగు Solid Color లేయరు ఒకటి పెట్టి, మోడ్‌ను Normal గానే ఉంచి, దాని మాస్కును Alt పట్టి నొక్కి తెరిచి, నల్లగుడ్డ మీద తీసిన పొగ ఫొటోను అందులో అతికించండి. పొగ ఎంత తెల్లగా ఉంటే అక్కడ బూడిదరంగు అంతగా పరుచుకుంటుంది.

వచ్చే పాఠంలో మంటను తీసుకుంటాము. ఈలోగా ఒక కప్పు ఆవిరిని పైన చెప్పినట్టు పూర్తిచేసి, Levels పరీక్షలో చట్రం అంచు కనిపించడం లేదని, కప్పు ముందరి అంచు మీద ఎక్కడా ఆవిరి పడలేదని బొమ్మను 200 శాతానికి పెంచి చూసుకోండి.