సీటు లెక్క, వాడకం లెక్క – 3వ పాఠం: నిద్రపోని వేర్‌హౌస్

గత పాఠంలో సీటు లెక్కన అమ్మే సాఫ్ట్‌వేర్‌ను చూశాము. 40 మందికి తలకు నెలకు 25 డాలర్ల చొప్పున వార్షిక ఒప్పందం ఉంటే, వారు రోజంతా వాడినా, అసలు తెరవకపోయినా నెల బిల్లు 1000 డాలర్లే. అమ్మినవారి ఆదాయ అంచనా తప్పేది ఎక్కువగా ఒప్పందం పునరుద్ధరించే రోజున; కొన్నవారి బిల్లు పెరిగేది కొత్తవారిని చేర్చుకున్నప్పుడు.

వాడకం లెక్కకు, సంస్థల డేటాను క్లౌడ్‌లో దాచి విశ్లేషించే సేవ అయిన స్నోఫ్లేక్ మంచి ఉదాహరణ. అందులో ప్రశ్నలకు జవాబులు తెచ్చే కంప్యూటర్ల సమూహాన్ని వేర్‌హౌస్ అంటారు. అది మేలుకొని ఉన్నంతసేపు సెకన్ల లెక్కన క్రెడిట్లు అనే చెల్లింపు యూనిట్లు ఖర్చవుతాయి. మేల్కొన్న ప్రతిసారీ కనీసం 60 సెకన్లకు చెల్లించాలి. మీడియం పరిమాణానికి గంటకు 4 క్రెడిట్లు.

ఒక సంస్థలో ప్రతి 10 నిమిషాలకు ఒక నివేదిక తాజా అవుతుందని, దానికి ఒక నిమిషం పడుతుందని అనుకుందాం. పని లేనప్పుడు 10 నిమిషాలు ఆగి నిద్రపొమ్మని ఆ మీడియం వేర్‌హౌస్‌కు అమరిక ఉంది. రెండు నివేదికల మధ్య విరామం 9 నిమిషాలే కనుక అది ఎన్నటికీ నిద్రపోదు. 30 రోజులకు 2880 క్రెడిట్లు. క్రెడిట్ 3 డాలర్లనుకుంటే 8640 డాలర్లు. జరిగిన పని గంటకు 6 నిమిషాలే. ఈ లోపాన్ని పట్టుకోవడానికి, గంటగంటకూ ఖర్చయిన క్రెడిట్లను చూపే `WAREHOUSE_METERING_HISTORY`లో `CREDITS_USED_COMPUTE` చూడండి: అర్ధరాత్రితో సహా ప్రతి గంటకూ సరిగ్గా 4 కనిపిస్తే వేర్‌హౌస్ నిద్రపోవడం లేదని అర్థం. అప్పుడు నిద్రకు ముందు ఆగే వ్యవధిని 60 సెకన్లకు తగ్గించండి:

```sql
ALTER WAREHOUSE report_wh SET AUTO_SUSPEND = 60;
```

ఇప్పుడది గంటకు దాదాపు 12 నిమిషాలే మేలుకొని ఉంటుంది కాబట్టి ఖర్చు సుమారు 1728 డాలర్లకు దిగుతుంది. అయితే నిద్రపోయిన ప్రతిసారీ వేర్‌హౌస్ తన దగ్గర దాచుకున్న డేటాను కోల్పోవచ్చు, అందువల్ల నివేదిక కొంత నెమ్మదిస్తే ఆ వ్యవధిని కాస్త పెంచి చూడాలి.

ఇదే మార్పును అమ్మినవారి వైపు నుంచి చూడండి. ఖాతాదారు వెళ్లిపోలేదు, ఒప్పందం మారలేదు, ఫిర్యాదు కూడా రాలేదు. అయినా ఆ వేర్‌హౌస్ మీద వచ్చే రాబడి 80 శాతం తగ్గింది. ఖాతాదారు క్రెడిట్లను ముందే కొని ఉన్నా, అవి ఖర్చయినప్పుడే ఆదాయంగా లెక్కకు వస్తాయి కాబట్టి చేతికందిన డబ్బును చూసి అంచనా కట్టకూడదు. ఇలాంటి తగ్గుదల అమ్మినవారి సొంత మెరుగుదల వల్ల కూడా రావచ్చు: ప్రశ్నలు వేగంగా ముగిసేలా తాము చేసిన మార్పుల వల్ల ఆ ఆర్థిక సంవత్సరపు ఆదాయం సుమారు 9.7 కోట్ల డాలర్ల మేర తగ్గుతుందని స్నోఫ్లేక్ 2022 మార్చిలో ప్రకటించింది.

అందుకే నా అభిప్రాయంలో వాడకం లెక్కన అంచనా వేసేవారు ఖాతాల సంఖ్యతో కాక, ఒక్కో ఖాతా రోజువారీ ఖర్చుతో మొదలుపెట్టాలి. పాత డేటాను తొలిసారి ఎక్కించేటప్పుడు కనిపించే ఉబ్బును తీసివేయాలి. రాత్రీ పగలూ గీత గీసినట్టు ఒకే మోతాదులో సాగే ఖర్చును స్థిరమైన ఆదాయంగా నమ్మకూడదు. ఖాతాదారు ఎవరో ఒకరు పై ఆదేశాన్ని టైపు చేసిన రోజున అది పోతుంది.