నాలుగో పాఠం: గరిష్ఠం పక్కన గరిష్ఠం

పోయిన పాఠంలో, కొనేవారి కోసం ఉత్పత్తి వివరణ రాసేటప్పుడు సాంకేతిక పట్టికలోని ప్రతి అంకెనూ ‘అందువల్ల’ అనే మాటతో వారి పనికి ముడివేయమన్నాను. మీరు పంపిన పంపు వివరణలు చదివాక, ఆ మాటను అంత వదులుగా మీ చేతికి ఇవ్వకూడదని తెలిసింది. ‘మోటారు నిమిషానికి 2900 చుట్లు తిరుగుతుంది, అందువల్ల పని వేగంగా అవుతుంది’ అని చాలామంది రాశారు. రెండు ధ్రువాల మోటారు 50 హెర్ట్జ్ మీద దాదాపు ఆ వేగంతోనే తిరుగుతుంది. ఎదుటి సంస్థ మోటారూ అంతే. ఇక ‘బాడీ పోత ఇనుము, అందువల్ల జీవితకాలం మన్నుతుంది’ అన్నవారు, దానిలోంచి సముద్రపు నీరు పారిస్తే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించాల్సింది.

కాబట్టి ఒక సవరణ. వాక్యం రాశాక, అందులోని అంకెను లేదా భాగాన్ని తీసేసి చదవండి. ప్రయోజనం అప్పుడు కూడా చెక్కుచెదరకుండా నిలిస్తే, దానికీ ఆ అంకెకూ సంబంధం లేదన్నమాట, కొట్టేయండి. భాగాన్ని తీసేస్తే ప్రయోజనం నిలవని వాక్యం ఇలా ఉంటుంది: ‘ఇంపెల్లర్ వెనుకవైపు నుంచి బయటికి వస్తుంది, కప్లింగు మధ్య ముక్క విడిగా ఊడుతుంది, అందువల్ల సీలు మార్చడానికి పైపులు విప్పనక్కరలేదు, మోటారు కదపనక్కరలేదు.’ ఆ అమరిక లేని పంపు గురించి ఈ మాట రాస్తే పచ్చి అబద్ధమవుతుంది. మీకు కావలసింది సరిగ్గా అలాంటి వాక్యం.

పేరు, మోడల్ సంఖ్య, ఫొటో ఎక్కడ పెట్టాలో నేను చెప్పను. అవి మీకు తెలుసు. ఈసారి పాఠమంతా ఒక్క తప్పు గురించే. ఎందుకంటే మీలో చాలామంది చేసింది అదే, ఏళ్ల కిందట నేనూ చేసింది అదే, తయారీదారుల పేజీల్లో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేదీ అదే.

‘గరిష్ఠ హెడ్ 32 మీటర్లు. గరిష్ఠ ప్రవాహం గంటకు 30 ఘనమీటర్లు.’

హెడ్ అంటే పంపు నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదో చెప్పే కొలత. రెండు అంకెలూ నిజమే. పక్కపక్కన పెట్టగానే తప్పుదారి పట్టిస్తాయి. సెంట్రిఫ్యూగల్ పంపు 32 మీటర్ల హెడ్ చూపేది బయటికి పోయే వాల్వు పూర్తిగా మూసినప్పుడు, అంటే చుక్క నీరు కదలనప్పుడు. 30 ఘనమీటర్లు ఇచ్చేది హెడ్ 11 మీటర్లకు పడిపోయినప్పుడు. ప్రవాహం పెరిగేకొద్దీ హెడ్ ఎలా తగ్గుతుందో చూపే గీతే పంపు కర్వు. ఒకటి ఆ కర్వుకు ఈ కొన, రెండోది ఆ కొన. రెండు కొనలూ ఒకేసారి ఏ పంపుకూ అందవు. చదివేవాడు మాత్రం ‘నాకు 28 మీటర్లు, 26 ఘనమీటర్లు చాలు, రెండూ హద్దులోనే ఉన్నాయి’ అనుకుని ఆర్డరు పెడతాడు.

నా పేజీ చూసి ఒకాయన అలాగే కొన్నాడు. ఆయన నీటిని 20 మీటర్ల ఎత్తుకు తోడాలి. గంటకు 26 ఘనమీటర్లు పారితే పైపుల్లో రాపిడికి మరో 8 మీటర్లు పోతుందని ఆయన ఇంజనీరు లెక్కకట్టాడు. మొత్తం 28. తొట్టి 26 ఘనమీటర్లది, గంటలో నిండాలి. పంపు బిగించాక చూస్తే గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మోటారు బలహీనంగా ఉందని ఫిర్యాదు వచ్చింది. మెకానిక్ వెళ్లి వోల్టేజి చూశాడు, ఇంపెల్లర్ తిరిగే దిశ చూశాడు, ప్రెషర్ గేజి చూశాడు. ఎక్కడా లోపం లేదు. లోపం నేను రాసిన రెండు వాక్యాల్లో ఉంది.

ఆ పంపు కర్వులో 28 మీటర్ల దగ్గర వచ్చేది 14 ఘనమీటర్లే. ప్రవాహం తగ్గితే పైపుల్లో రాపిడీ తగ్గుతుంది కాబట్టి అది 14 దాకా పడిపోలేదు. పంపు ఇవ్వగలిగిన హెడ్, పైపులు అడిగే హెడ్ సమానమయ్యే చోట, అంటే 24 మీటర్లకు కాస్త పైన, 19.5 ఘనమీటర్ల దగ్గర స్థిరపడింది. 26ను 19.5తో భాగిస్తే గంటా ఇరవై నిమిషాలు వస్తుంది. మెకానిక్ గడియారం చూసి చెప్పిన సమయం అదే.

అందుకని ఇప్పుడు నేను ‘గరిష్ఠ’ అన్న మాటనే దాదాపు వాడను. కర్వు మీంచి మూడు జతలు తీస్తాను. మొదటిది పంపు సామర్థ్యం, అంటే షాఫ్టు తీసుకున్న శక్తిలో నీటికి అందే వంతు, అన్నిటికంటే బాగుండే చోటు. మిగతా రెండూ దానికి అటొకటి, ఇటొకటి. కర్వు కొనల జోలికి వెళ్లను. అదే పంపు పేజీ ఇప్పుడిలా ఉంది:

‘24 మీటర్ల హెడ్ వద్ద గంటకు 20 ఘనమీటర్ల నీరు ఇస్తుంది. హెడ్ 17 మీటర్లయితే 26, 28 మీటర్లయితే 14 ఘనమీటర్లు. ఈ అంకెలు 50 హెర్ట్జ్ మీద, చల్లని శుభ్రమైన నీటితో తీసినవి. ఈ హద్దుల్లో ఎక్కడ నడిపినా షాఫ్టు తీసుకునే శక్తి 2.3 కిలోవాట్లు దాటదు, మోటారు 3 కిలోవాట్లది. అందువల్ల తొట్టి మట్టం మారి ప్రవాహం పెరిగినా మోటారు మీద అధిక భారం పడదు.’

హెర్ట్జ్ సంగతి రాయడం మరిచిపోకండి. అదే పంపును 60 హెర్ట్జ్ మీద తిప్పితే వేగం 1.2 రెట్లు, హెడ్ 1.44 రెట్లు అవుతుంది, శక్తి అవసరం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. అప్పుడు ఈ పేరాలో ఒక్క అంకె కూడా పనికిరాదు. నీటి సంగతీ అంతే. చిక్కటి నూనెతో నడిపితే హెడ్, ప్రవాహం రెండూ తగ్గుతాయి.

మీకు వచ్చిన డేటాషీటును నమ్మవచ్చో లేదో చూడడానికి నాకొక అడ్డదారి ఉంది. ప్రవాహాన్ని గంటకు ఘనమీటర్లలో, హెడ్‌ను మీటర్లలో తీసుకుని గుణించి 367తో భాగించండి. నీటికి అందే శక్తి కిలోవాట్లలో వస్తుంది. ఇక్కడ 20ని 24తో గుణించి భాగిస్తే 1.31. ఆ చోట సామర్థ్యం 62 శాతం అన్నారు కాబట్టి షాఫ్టు శక్తి 2.1 కిలోవాట్లు. డేటాషీటులోని శక్తి కర్వు కూడా అదే చూపితే సరే. ఇదే లెక్కను 32తో, 30తో చేస్తే నీటి శక్తే 2.6 వస్తుంది, 62 శాతం సామర్థ్యంతో అయినా షాఫ్టుకు 4.2 కిలోవాట్లు కావాలి. 3 కిలోవాట్ల మోటారుతో అది ఎలా సాధ్యమని ఆనాడు నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆ పేజీ బయటికి వెళ్లేది కాదు.

దశాంశాల మోజు వద్దు. పంపుల పరీక్షకు వాడే ఐఎస్ఓ 9906 ప్రమాణంలో 2బీ తరగతి అయితే ప్రవాహంలో 8 శాతం, హెడ్‌లో 5 శాతం అటూ ఇటూ ఉన్నా పంపు పరీక్షలో నెగ్గినట్టే. అలాంటప్పుడు 24.37 మీటర్లు అని రాస్తే ఎవరిని మెప్పించడానికి? 24 చాలు.

అభ్యాసం ఈసారి కష్టమే. మీ సంస్థ అమ్మే పంపుల్లో ఒకదాని కర్వు తెప్పించండి. స్కేలు పెట్టి మూడు జతలు చదవండి, 367 లెక్కతో మూడింటినీ సరిచూడండి, తర్వాత ‘గరిష్ఠ’, ‘అత్యుత్తమ’, ‘శక్తిమంతమైన’ అన్న మాటలు లేకుండా అయిదు వాక్యాలు రాయండి. అందులో ఒక్క ‘అందువల్ల’ మాత్రమే ఉండాలి. తయారీదారు కర్వు ఇవ్వనంటే, ఆ జవాబును అలాగే నాకు పంపండి. వచ్చే పాఠం దాని మీదే చెబుతాను.